కాశిబుగ్గ షెడ్డులో లెక్కకు రాని కరెంటు

మా నాన్న కాజీపేటలో రైల్వే సిగ్నళ్ళ పని చేసేవాడు. టెస్టర్ పెట్టి చూసి తీగలో కరెంటు లేదని తేలినా ఆయన చెయ్యి పెట్టేవాడు కాదు. ముందు కరెంటు ఉందని తెలిసిన చోట టెస్టర్‌ని పెట్టి, అది వెలుగుతుందో లేదో చూసేవాడు. తర్వాత అసలు తీగ చూసి, మళ్ళీ పాత చోటికి వెళ్ళి ఇంకోసారి చూసేవాడు. టెస్టరే చచ్చిపోయి ఉంటే తీగలో కరెంటు లేనట్టే కనిపిస్తుంది కదా. ఆ అలవాటు నాకు రక్తంలో వచ్చింది. కూరగాయల తక్కెడనూ నమ్మను, దవాఖానలో బీపీ మిషన్‌నూ నమ్మను. మా ఆయన "అనుమానం పెనుభూతం" అని దెప్పినప్పుడల్లా, ఆ భూతం వల్లే మన వర్క్‌షాపు నుంచి పోయిన బోర్డులు తిరిగి రావడం లేదని నేను అంటాను. హన్మకొండలో మాది చిన్న ఎలక్ట్రానిక్స్ వర్క్‌షాపు. ఆయన గీస్తాడు, నేను తప్పులు పడతాను. కాపురం కూడా సుమారుగా అంతే.

కాశిబుగ్గ నుంచి నేతపనివాళ్ళ సంఘం పెద్ద మా దగ్గరికి వచ్చిన రోజు ఎండ మండిపోతోంది. వాళ్ళ షెడ్డులో ఆరు జంపఖానా మగ్గాలు ఉన్నాయి. మోకాళ్ళు పట్టేసి కాలితో తొక్కలేని వాళ్ళ కోసం ఆ ఆరింటికీ చిన్న మోటార్లు బిగించారు. పడుగు పోగుల్ని పైకెత్తే పని కాళ్ళకు బదులు మోటారు చేస్తుంది. నెయ్యడం మాత్రం చేతితోనే. కప్పు మీద సోలార్ పలకలు, మూలన ఇనుప ర్యాకులో ఇరవై నాలుగు వోల్టుల బ్యాటరీలు. మొదట్లో పొద్దుగూకే దాకా వచ్చిన బ్యాటరీ ఇప్పుడు నాలుగింటికే నీరసపడుతోందట.

"ఎవ్వలో తాగుతాండ్రు చెల్లె," అన్నాడు సంఘం పెద్ద. "ఫోన్లు చార్జింగ్ పెడుతాండ్రో, ఫ్యాను తిప్పుకుంటాండ్రో తెలుస్తలేదు. ఒక్కొక్క మగ్గానికి ఎంత పోతాందో నాకు సక్కగ కనబడాలె."

దొరికిన వాళ్ళ మోటారు విప్పి, వరసలో ఎదురుచూస్తున్న ఇంకొకరికి ఇస్తామని కూడా చెప్పాడు. మోకాళ్ళు పోయినవాళ్ళు ఊళ్ళో ఇంకా చాలామంది ఉన్నారు. మోటారు పోతే ఆ మనిషికి మగ్గం కూడా పోయినట్టే. ఈ మాట నాకు మొదటిరోజే తెలుసు కాబట్టి, మనం పెట్టే అంకె ఒకరి అన్నం గిన్నె మీద కూర్చుంటుందని మా ఆయనతో గట్టిగానే అన్నాను.

పని వినడానికి సులభం. మోటారు నుంచి బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వచ్చే తీగ మధ్యలో చాలా చిన్న విలువ ఉన్న రెసిస్టర్ ఒకటి పెడతాం. దాన్నే షంట్ అంటారు. కరెంటు దాని గుండా పోయేటప్పుడు రెండు కొసల మధ్య కొద్దిపాటి వోల్టేజి పుడుతుంది. దాన్ని ఒక ఆంప్లిఫయర్‌తో పెంచి కొలిస్తే ఎంత కరెంటు పోతోందో తెలుస్తుంది. పాజిటివ్ వైపు కాకుండా నెగటివ్ వైపు పెడితే ఆంప్లిఫయర్ సున్నా వోల్టుల దగ్గరే ఉంటుంది, పని చవగ్గా తేలిగ్గా అయిపోతుంది. అందుకే అందరూ అటే మొగ్గుతారు. కష్టమంతా ఆ రెసిస్టర్ ఎంత ఉండాలన్న దగ్గరే వస్తుంది. పెద్దది పెడితే అంకె స్పష్టంగా వస్తుంది గానీ, మోటారుకు పోవలసిన వోల్టేజిని అదే తినేస్తుంది, వేడెక్కుతుంది కూడా. చిన్నది పెడితే మోటారు సుఖంగా ఉంటుంది, కానీ పుట్టే వోల్టేజి మరీ సన్నగా ఉండి ఆంప్లిఫయర్ సొంత తప్పులో కలిసిపోతుంది.

మా ఆయన యాభై మిల్లీ ఓములు పెడదామన్నాడు. ఫోన్ చార్జర్ లాగే అర ఆంపియర్ లోపు కరెంటు కనిపించాలంటే అంత ఉండాలన్నాడు. మోటారు పోగుల్ని ఎత్తే క్షణంలో పది ఆంపియర్ల దాకా లాగుతుంది కాబట్టి అర వోల్టు పోతుందని నేను అన్నాను. ఇరవై నాలుగులో అర వోల్టు లెక్కా అన్నాడు. ఒక మగ్గం మీద పెట్టి చూద్దామని ఇద్దరం రాజీపడ్డాం.

ర్యాకుకు దగ్గరగా ఉన్న మగ్గం ఎంచుకున్నాం. ఆ మగ్గం ఒక పెద్దాయనది. అరవై దాటి ఉంటాయి, రెండు మోకాళ్ళూ వంగవు, లేవాలంటే మగ్గం గుంజ పట్టుకుని లేస్తాడు. అందరూ కాక అనే, అంటే బాబాయి అనే పిలుస్తారు, నేనూ అలాగే పిలిచాను. షంట్, ఆంప్లిఫయర్ బోర్డు ఉన్న డబ్బాను మేం పెడుతున్నంతసేపూ ఆయన మా చేతుల వైపే చూస్తూ కూర్చున్నాడు. ఈ తీగ ఎటు పోతుంది, ఆ తీగ ఎందుకు అని అడిగాడు. మా ఆయన సంబరంగా అన్నీ చెప్పాడు. కరెంటు వచ్చే దారిలో కాకుండా తిరిగిపోయే దారిలో కొలుస్తున్నామని కూడా చెప్పాడు. ఎందుకింత వివరంగా అడుగుతున్నాడని నా మనసులో ఒక ముల్లు అప్పుడే గుచ్చుకుంది.

డబ్బా పెట్టిన రెండో రోజు నుంచే సాయంత్రాలు కాక మగ్గం ఒక్కటే ఆగిపోవడం మొదలైంది. మిగతా అయిదూ నడుస్తున్నాయి. ముసలాయన కావాలనే ఏదో కెలికాడని, డబ్బా తీసేయించడానికి నాటకమని షెడ్డులో గుసగుసలు పుట్టాయి. నేను మీటర్ తీసుకుని పోయి నాలుగింటి దాకా మగ్గం పక్కనే కూర్చున్నాను. విషయం అర్థమైంది. బ్యాటరీ మరీ కిందికి పడిపోకుండా ఇరవై ఒక్క వోల్టుల దగ్గర మోటారును నడిపే కంట్రోలర్ పెట్టె తనంతట తాను ఆగిపోతుంది. సాయంత్రం బ్యాటరీ ఆ గీతకు కాస్త పైనే ఉంటుంది. పోగుల్ని ఎత్తే క్షణంలో మా షంట్ అర వోల్టు తినేసరికి, పెట్టెకు గీత కింద ఉన్నట్టు కనిపించి ఆగిపోతోంది. కాక తప్పు ఇందులో ఏమీ లేదు.

ఇంటికొచ్చి మా ఆయనకు నాలుగు అంటించాను. ఆయన నవ్వి, సరే ఇప్పుడు నీ మాటే అన్నాడు. పది మిల్లీ ఓములకు దిగాం. పది ఆంపియర్లకు పదో వంతు వోల్టు మాత్రమే పోతుంది. అయితే అర ఆంపియర్‌కు ఇప్పుడు పుట్టేది అయిదు మిల్లీవోల్టులే. పాత ఆంప్లిఫయర్ అయితే ఏమీ లేనప్పుడు కూడా అందులో పెద్ద వంతు తనే కల్పించేది. అందుకని సున్నా దగ్గర నిలకడగా ఉండే మంచిరకం తెప్పించాం. కొలిచే తీగల్ని కూడా షంట్ కొసల దగ్గర నుంచే విడిగా లాగాం, లేకపోతే దారిలోని రాగి, టంకం కూడా లెక్కలో చేరిపోతాయి. బల్ల మీద నా దగ్గరున్న రెండు మీటర్లతోనూ పోల్చి చూశాను. మా నాన్న పద్ధతిలో ముందొకసారి, తర్వాత ఒకసారి. ఇక వంక పెట్టడానికి నాకు కూడా ఏమీ దొరకలేదు.

ట్రయల్ డబ్బా ప్లాస్టిక్‌ది, చెక్క మీద పెట్టాం. ఈసారి గట్టిగా ఉండాలని ఇనుప డబ్బాలు చేయించి, ఆరు మగ్గాలకూ ఇనుప గుంజలకే బోల్టులతో బిగించాం. చుట్టుపక్కల మోటార్ల గోల బోర్డు మీద పడకూడదని బోర్డు గ్రౌండ్‌ను, అంటే షంట్‌కు మోటారు వైపున్న నెగటివ్ కొసను, డబ్బా ఒంటికి కలిపాడు మా ఆయన. బ్యాటరీ నెగటివ్ దగ్గర మొత్తం కొలవడానికి ఇంకో పెద్ద షంట్ పెట్టాం. దాని తర్వాత ర్యాకు మీద బిగించిన రాగి పట్టీ నుంచి ఆరు మగ్గాల తీగలు విడిపోతాయి. ఆరు అంకెలూ మొత్తం అంకె కూడా సంఘం పెద్ద ఫోనులోకి వస్తాయి. ఆరూ కలిపితే మొత్తానికి సరిపోవాలి.

సరిపోలేదు. వారం తిరగకుండానే సంఘం పెద్ద ఫోను చేసి వెంటనే రమ్మన్నాడు.

అయిదు మగ్గాలు ఒకే తీరుగా ఉన్నాయి. కాక మగ్గం మాత్రం వాటిలో సగం చూపిస్తోంది. నేసే జంపఖానా అదే, ఊలు అదే, వేగం అదే. ఆరూ కలిపితే మొత్తం కంటే తక్కువ. ఎంత తక్కువంటే, సరిగ్గా కాక మగ్గంలో లేని ఆ సగం. నేను పోయేసరికి కాక మగ్గం చుట్టూ అందరూ మూగి ఉన్నారు. సంఘం పెద్ద చేతిలో ఒక తీగ ఉంది. ఎలుక తోక పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకున్నాడు.

తీగ ఒక కొస కాక మగ్గం ఇనుప గుంజకు చుట్టి ఉంది, రెండో కొస బ్యాటరీ ర్యాకుకు. మా కొలత కళ్ళకు గంతలు కట్టాలంటే చెయ్యాల్సిన పని సరిగ్గా అదే. మోటారు నుంచి తిరిగొచ్చే కరెంటు మా డబ్బాలోంచి గుంజకు, గుంజ నుంచి ఆ తీగలోకి, తీగ నుంచి ర్యాకు ఇనుములోకి, దాని మీద బిగించిన నెగటివ్ రాగి పట్టీకి పోతుంది. సగం షంట్ గుండా, సగం ఈ దొంగదారిన. నెగటివ్ వైపు కొలిచే వాళ్ళందరికీ ఉన్న బలహీనత ఇదే, తిరుగుదారి ఇంకొకటి దొరికితే షంట్‌కు తెలియకుండానే కరెంటు వెళ్ళిపోతుంది. ఈ సంగతి ఆ షెడ్డులో ఎవరికి తెలుసు? తిరిగిపోయే దారిలో కొలుస్తున్నామని మా ఆయన ఎవరికి చెప్పాడు? నేను కాక ముఖంలోకి చూశాను. ఆయన నా ముఖంలోకి చూశాడు. ఆ క్షణాన నాకు కూడా ఆయన దొంగలాగే కనిపించాడు.

ఆ తీగ కిందటి ఎండాకాలం నుంచీ ఉన్నదేనని కాక చెప్పాడు. ఆక్రిలిక్ ఊలు ఎండకు పొడిబారి, గుంజ ముట్టుకుంటే చాలు చురుక్కున సూది గుచ్చినట్టు కొట్టేదట. ర్యాకుకు తీగ కడితే ఆ చురుకు పోయిందట. అప్పట్లో ఆ ఊలు నేసింది ఆయన ఒక్కడే, మిగతావాళ్ళకు అది మా డబ్బాలు బిగించాకే వచ్చింది. ఇది వినడానికి నమ్మేటట్టే ఉంది. మగ్గాల కాళ్ళ కింద చప్పుడు తగ్గడానికి రబ్బరు ముక్కలు వేశారు, కాబట్టి ఊలు రాపిడికి గుంజల్లో చార్జి చేరి దిగే దారి లేక ఆగుతుంది.

"అట్లయితే సూద్దాం," అన్నాడు సంఘం పెద్ద. తీగ విప్పి పక్కన పడేసి, మగ్గం నడపమన్నాడు. షెడ్డులోకి చెప్పులతో ఎవరూ రారు, అందరివీ వట్టి కాళ్ళే. కాసేపు నడిచాక ఆయన వట్టి కాళ్ళతో సిమెంటు మీద నిలబడి గుంజ మీద అరచెయ్యి వేశాడు. ఏమీ కాలేదు. రెండో చెయ్యి వేశాడు. ఏమీ కాలేదు. నేనూ ముట్టుకున్నాను, వట్టి ఇనుమే. ఫోనులో మాత్రం కాక మగ్గం అంకె ఎగిరి మిగతా అయిదింటి సరసన నిలబడింది.

"ఏది కాక, సురుకు ఏది?" అన్నాడు సంఘం పెద్ద నెమ్మదిగా.

కాక కూడా గుంజ ముట్టుకుని చూశాడు. తన చేతినే తను నమ్మలేనట్టు మళ్ళీ ముట్టుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. తెల్లారి మోటారు విప్పుతామని సంఘం పెద్ద అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. తన గుమ్మం ముందు మోకాళ్ళు పట్టుకుని తిరిగేవాళ్ళకు ఆయన కూడా జవాబు చెప్పుకోవాలి. అంకె పట్టిచ్చింది, తీగ దొరికింది, చెప్పిన కారణం అబద్ధమని తేలింది. ఇంకేం కావాలి?

నేను బస్సులో ఇంటికి వస్తూ అదే నెమరేసుకున్నాను. అబద్ధం చెప్పే మనిషి అప్పటికప్పుడు పరీక్షకు దొరికే అబద్ధం ఎందుకు చెబుతాడు? కాక తన చేతిని రెండోసారి గుంజకు తాకించి చూసుకోవడం నాటకంలా లేదు. అయినా తీగ లేకుండా చురుకు లేదు, అది నా చెయ్యి చెప్పిన సాక్ష్యం. అప్పుడు మా నాన్న టెస్టర్ పద్ధతి బుర్రలో మెదిలింది. చురుకు లేదని తేల్చడానికి నేను వాడిన మగ్గం, చురుకు ఉండగలిగిన మగ్గమేనా అని ఎవరు చూశారు? కిందటి ఎండాకాలం ఆ మగ్గం మీద మా డబ్బా లేదు. ఇప్పుడు ఇనుప డబ్బా గుంజకే బిగించి ఉంది, డబ్బా ఒంటికి బోర్డు గ్రౌండ్ కలిసి ఉంది, అది షంట్ గుండా నెగటివ్‌కు పోతుంది. అంటే గుంజలో చేరే చార్జిని ఇప్పుడు మా డబ్బాయే దించేస్తోంది. కాక తీగ చేసే పనిని మేం చెప్పాపెట్టకుండా తీసేసుకున్నాం. అందుకే తీగ విప్పినా చురుకు రాలేదు. ఆయన నిజమే చెప్పాడు, ఆ నిజాన్ని అబద్ధం చేసింది మా బోల్టులు. బస్సులో పక్కనున్నావిడ నన్ను వింతగా చూసింది, నేను పైకే ఏదో అన్నట్టున్నాను.

తెల్లారి మేం ఇద్దరం ప్లైవుడ్ ముక్క, ప్లాస్టిక్ బోల్టులు పట్టుకుని షెడ్డుకు పోయాం. సంఘం పెద్ద అప్పటికే పానా చేతిలో పట్టుకుని మోటారు దగ్గర ఉన్నాడు. కాక మగ్గం మీద కూర్చుని లేడు. గోడకు ఆనుకుని, ఎవరి వైపూ చూడకుండా నిలబడి ఉన్నాడు. ఒక్క పావుగంట ఆగమని బతిమాలాను. డబ్బాను గుంజ నుంచి విప్పి, ప్లైవుడ్ మీదకు మార్చి, ప్లాస్టిక్ బోల్టులతో బిగించాం. ఇప్పుడు గుంజకు డబ్బాతో సంబంధం లేదు. కాక తీగ కూడా లేదు. కాకను కూర్చుని నెయ్యమన్నాను.

ఆయన నేశాడు. పోగు ఒక్కటీ తప్పలేదు. కొంతసేపయ్యాక సంఘం పెద్దను గుంజ మీద చెయ్యి వెయ్యమన్నాను. నిన్నటి ధైర్యంతోనే వేశాడు. వేసిన చెయ్యి వేసినట్టే వెనక్కి లాక్కుని, ఒక బూతు మాట అన్నాడు. షెడ్డంతా నవ్వింది. నేనూ ముట్టుకున్నాను, మోచేతి దాకా జివ్వుమంది. నా జన్మలో షాక్ కొడితే అంత సంతోషపడింది లేదు.

తర్వాత కాక తీగను ఆయన కట్టుకున్న చోటే మళ్ళీ కట్టాం. చురుకు పోయింది. డబ్బా ఇప్పుడు గుంజకు దూరంగా ఉంది కాబట్టి కరెంటుకు పక్కదారి లేదు, అంకె కూడా నిలకడగా మిగతా వాటితో సమానంగా ఉంది. ఆరూ కలిపితే మొత్తానికి సరిపోయాయి. మిగిలిన అయిదు డబ్బాలను కూడా ఆ రోజే ప్లైవుడ్ మీదకు మార్చి, వాటి గుంజలకూ కాక మాదిరే తలా ఒక తీగ కట్టాం.

మరి బ్యాటరీని తాగుతున్నదెవరు? ఎవరూ కాదు. ఇప్పుడు అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి కాబట్టి చూడగలిగాం. నిండా చార్జి చేసిన బ్యాటరీ ఇవ్వవలసిన దాంట్లో సగమే ఇచ్చి చేతులెత్తేస్తోంది. ముసలిదైపోయింది, అంతే. ఈ మాట చెబితే షెడ్డులో కొందరి ముఖాలు చిన్నబోయాయి. దొంగ దొరికితే మనసుకు ఒక తృప్తి ఉంటుంది, బ్యాటరీ ముసలిదంటే ఎవరిని తిడతారు? సంఘం పెద్ద పానాను సంచిలో పెట్టుకుని, కొత్త బ్యాటరీల కోసం మాట్లాడతానని బయటికి పోయాడు. కాకతో ఏమీ అనలేదు. నిన్న చుట్టూ మూగిన వాళ్ళు కూడా ఎవరి మగ్గాల మీదికి వాళ్ళు పోయారు. తప్పయింది కాకా అని ఒక్క నోటి నుంచీ రాలేదు. నాకు కోపం నషాళానికి ఎక్కింది. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

సామాను సర్దుకుంటుంటే కాక పిలిచాడు.

"నిన్న నువ్వు గూడ అట్లనే అనుకున్నవా బిడ్డా?"

అబద్ధం చెబుదామనే అనిపించింది. అనుకున్నాను కాకా అన్నాను. ఆయన తల ఊపాడు. కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. పేక పోగును వేళ్ళ మధ్య నలిపాడు.

"ఒక పని చెయ్యి. గా అంకె ఆయన ఫోన్ల ఒక్కదాన్లనే ఎందుకుండాలె? నా మగ్గం మీద పెట్టు, పెద్దగ, అచ్చేటోళ్ళకు పొయ్యేటోళ్ళకు కనబడేటట్టు. ముప్పై ఏండ్లు నా మొఖం సూసిండ్రు, ఏం తెల్వలే. ఇగ గదాన్నే సూడుమను."

వద్దు కాకా, ఇక ఎవరూ ఏమీ అనరు అని చెప్పి చూశాను. ఆయన వినలేదు. ఆ వారమే ఎర్ర అంకెలు వెలిగే చిన్న డిస్‌ప్లే ఒకటి చేసి, ఆయన మగ్గం మీద నడవ వైపు తిప్పి బిగించాను. ఆ షెడ్డులో అలాంటిది ఉన్న మగ్గం ఇప్పటికీ అదొక్కటే.

కొత్త బ్యాటరీలు వచ్చాక ఒకసారి అటు పోయాను. మగ్గాలన్నీ పొద్దుగూకే దాకా నడుస్తున్నాయి, ఎవరూ ఎవరినీ ఏమీ అనడం లేదు. తలుపు దగ్గరే నిలబడి కాకను చూశాను. మోటారు పోగుల్ని ఎత్తిన ప్రతిసారీ ఆయన మెడ చాచి, నడవ వైపున్న ఆ అంకెను ముందు చూసుకుంటున్నాడు. ఆ తర్వాతే బట్ట వైపు తిరుగుతున్నాడు.